జనరేటర్ వోల్టేజీ రెగ్యులేటర్: గెయిన్ ఎంతవరకు పెంచవచ్చు?

థర్మల్ కేంద్రంలో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం మారదు, మారకూడదు కూడా. అందుకే జనరేటర్ ఇచ్చే వోల్టేజీని పెంచాలన్నా తగ్గించాలన్నా మిగిలిన దారి ఒక్కటే: రోటార్‌లోని అయస్కాంత క్షేత్రాన్ని బలపరచడం లేదా బలహీనపరచడం. ఈ క్షేత్రం రోటార్ మీద చుట్టిన ఫీల్డ్ వైండింగ్‌లో పారే డీసీ కరెంటు వల్ల పుడుతుంది. ఆ కరెంటును సమకూర్చే యంత్రం పేరు ఎక్సైటర్. జనరేటర్ వోల్టేజీని ఎప్పటికప్పుడు చూస్తూ ఎక్సైటర్‌కు ఆదేశాలిచ్చే సాధనమే ఆటోమేటిక్ వోల్టేజీ రెగ్యులేటర్. కేంద్రాల్లో దీన్ని అందరూ ఏవీఆర్ అంటారు.

రామగుండం, సింహాద్రి కేంద్రాల్లో ఉన్న తరహా 500 మెగావాట్ల జనరేటర్‌ను తీసుకుంటే దాని వోల్టేజీ 21 వేల వోల్టులు. పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజీని 110 వోల్టులకు దించి ఏవీఆర్‌కు చూపిస్తుంది. ఉండాల్సిన విలువకూ ఉన్న విలువకూ మధ్య తేడాను ఏవీఆర్ లెక్కగట్టి, యాంప్లిఫయర్‌తో ఎన్నో రెట్లు పెంచి, ఎక్సైటర్ ఫీల్డ్‌కు పంపిస్తుంది. ఎక్సైటర్ కూడా ఒక చిన్న ఏసీ జనరేటరే. అది ప్రధాన జనరేటర్ షాఫ్టు మీదే తిరుగుతుంది. దాని ఏసీని షాఫ్టుతో పాటు తిరిగే డయోడ్లు డీసీగా మార్చి ప్రధాన ఫీల్డ్‌కు అందిస్తాయి. అక్కడ క్షేత్రం మారితే వోల్టేజీ మారుతుంది. మారిన వోల్టేజీ మళ్లీ పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఏవీఆర్‌కు చేరుతుంది. అలా వలయం పూర్తవుతుంది.

ఈ వలయంలో తేడాను మొత్తం ఎన్ని రెట్లు చేస్తున్నారో ఆ సంఖ్యే గెయిన్. దాన్ని K అనుకుందాం. జనరేటర్ లోడు లేకుండా పూర్తి వోల్టేజీ ఇవ్వడానికి ఫీల్డ్‌కు ఎంత వోల్టేజీ కావాలో దాన్ని ఒక యూనిట్ అనుకుంటే, గెయిన్ 200 అంటే అర్థం సులువుగా చెప్పవచ్చు. జనరేటర్ వోల్టేజీ ఒక శాతం తగ్గిందని కనిపించగానే రెగ్యులేటర్ ఫీల్డ్‌కు రెండు యూనిట్లు అదనంగా ఇస్తుందన్నమాట.

అంత గెయిన్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు లోడులో ఉంది. ఇలాంటి పెద్ద జనరేటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక యూనిట్ ఫీల్డ్ చాలు. పూర్తి లోడులో రెండున్నర యూనిట్ల దాకా కావాలి. ఆ అదనపు ఒకటిన్నర యూనిట్లు ఊరికే రావు. రెగ్యులేటర్ స్పందించేది తేడాకే కాబట్టి, ఎంతో కొంత తేడా నిలిచి ఉంటేనే ఆ అదనపు ఫీల్డ్ వస్తుంది. గెయిన్ 20 అయితే ఒకటిన్నర యూనిట్లు రావడానికి వోల్టేజీ ఏడున్నర శాతం, అంటే 1575 వోల్టులు, పడిపోవాలి. ఇది ఏ కేంద్రమూ ఒప్పుకోని లోటు. గెయిన్ 200 అయితే అదే పని ముప్పావు శాతం లోటుతో, అంటే దాదాపు 158 వోల్టులతో జరిగిపోతుంది. కచ్చితత్వం కావాలంటే గెయిన్ పెంచాల్సిందే. మరి రెండు వేలు పెట్టుకోవచ్చు కదా, ఇరవై వేలు పెట్టుకోవచ్చు కదా అంటే, కుదరదు. అడ్డొచ్చేది కాలం.

వలయంలోని ఏ భాగమూ ఆదేశం అందిన క్షణానే దాన్ని పూర్తిగా అమలు చేయలేదు. ఫీల్డ్ వైండింగ్ ఒక పెద్ద ఇండక్టర్. దాని మీద వోల్టేజీ ఒక్కసారిగా పెంచినా కరెంటు మెల్లగానే పెరుగుతుంది. మార్పులో 63 శాతం పూర్తి కావడానికి పట్టే సమయాన్ని కాలస్థిరాంకం అంటారు. ప్రధాన ఫీల్డ్‌కు ఇది కొన్ని సెకన్లు ఉంటుంది. ఎక్సైటర్‌కూ సొంత ఫీల్డ్ ఉంది కాబట్టి దానికీ ఒక జాప్యం ఉంటుంది, కానీ యంత్రం చిన్నది కనుక జాప్యమూ చిన్నదే. యాంప్లిఫయర్‌ది ఇంకా తక్కువ. లెక్క సులువుగా సాగడానికి గుండు అంకెలు తీసుకుందాం. యాంప్లిఫయర్‌కు 0.05 సెకను, ఎక్సైటర్‌కు 0.5 సెకను, జనరేటర్ ఫీల్డ్‌కు 5 సెకన్లు. ఇవి ఫలానా కేంద్రంలో కొలిచిన విలువలు కావు గానీ, ఇలాంటి యంత్రాలకు సహజమైన పరిమాణాలే. పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనకున్న ఫిల్టర్ల జాప్యం మరీ చిన్నది కాబట్టి ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

జాప్యం ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదు. ఒక్క జాప్యమే ఉన్న వలయం ఎంత గెయిన్ పెట్టినా నిలకడగానే ఉంటుంది. రెండున్నా కాగితం మీద అంతే. మూడోది చేరాకే చిక్కు మొదలవుతుంది. దానికి కారణం ఇది.

జనరేటర్ వోల్టేజీ ఏ కారణం చేతనో కొద్దిగా పైకీ కిందికీ ఊగుతోందనుకుందాం. రెగ్యులేటర్ ఆ ఊపుకు ఎదురు పని చేస్తుంది. వోల్టేజీ పెరిగితే ఫీల్డ్ తగ్గించమంటుంది, తగ్గితే పెంచమంటుంది. అయితే ఆ ఆదేశం యాంప్లిఫయర్, ఎక్సైటర్, ఫీల్డ్ దాటుకుని వోల్టేజీగా మారేసరికి ఆలస్యమవుతుంది. ఊపు ఎంత వేగంగా ఉంటే ఒక్కో జాప్యం దాన్ని అంత వెనక్కి నెడుతుంది. ఒక జాప్యం అతి వేగమైన ఊపును కూడా పావు చక్రం దాకానే వెనక్కి నెట్టగలదు. రెండు కలిస్తే అర చక్రం దగ్గరకు వెళ్తాయి కానీ పూర్తిగా చేరలేవు. మూడు కలిస్తే ఏదో ఒక వేగం దగ్గర సరిగ్గా అర చక్రం ఆలస్యం అవుతుంది. అర చక్రం ఆలస్యమైతే ఎదురు ఆదేశం కాస్తా అనుకూల ఆదేశంగా మారిపోతుంది. ఉయ్యాలను ఆపడానికి వేసిన చేయి అర ఊపు ఆలస్యంగా తగిలితే ఉయ్యాల ఆగదు, ఇంకా ఊగుతుంది. సరిగ్గా అదే ఇక్కడ జరుగుతుంది.

ఎంచుకున్న అంకెలతో ఆ వేగం ఎంతో చూద్దాం. 0.94 సెకనుకు ఒకసారి చొప్పున ఊగే అలను తీసుకుంటే, యాంప్లిఫయర్ దాన్ని 18 డిగ్రీలు, ఎక్సైటర్ 73 డిగ్రీలు, ఫీల్డ్ 88 డిగ్రీలు వెనక్కి నెడతాయి. కొద్దిపాటి భిన్నాలు కలుపుకుంటే మొత్తం 180 డిగ్రీలు. అంటే సరిగ్గా అర చక్రం. అయితే జాప్యాలు అలను వెనక్కి నెట్టి ఊరుకోవు, కుదిస్తాయి కూడా. ఈ వేగం దగ్గర ఫీల్డ్ ఊపును 33 వంతుల్లో ఒక వంతుకు దించేస్తుంది. ఎక్సైటర్ దాదాపు మూడున్నర వంతుల్లో ఒకటికి దించుతుంది. యాంప్లిఫయర్ ప్రభావం నామమాత్రం. మూడూ కలిసి ఊపును 122 వంతుల్లో ఒక వంతుకు తగ్గిస్తాయి. వలయం గెయిన్ సరిగ్గా 122 అయితే తగ్గినదంతా తిరిగి భర్తీ అవుతుంది. ఊపు తరగదు, పెరగదు, అలాగే నిలిచిపోతుంది. గెయిన్ అంతకు తక్కువైతే చుట్టు చుట్టుకూ తగ్గి చల్లారిపోతుంది, ఎక్కువైతే చుట్టు చుట్టుకూ పెరుగుతుంది. స్థిరత్వానికి హద్దు అంటే ఇదే.

ఇదే హద్దును ఊపుల ఊసు లేకుండా బీజగణితంతోనూ పట్టుకోవచ్చు. ఆ పద్ధతిని ఇంగ్లండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రౌత్ 1877లో ఆడమ్స్ బహుమతి పొందిన వ్యాసంలో ఇచ్చాడు. 1895లో అడాల్ఫ్ హర్విట్జ్ వేరే దారిలో అక్కడికే చేరాడు. అందుకే ఆ నియమం ఇద్దరి పేరు మీదా నడుస్తోంది. మూడు జాప్యాలను గుణించి, వలయాన్ని మూసి రాస్తే ఈ సమీకరణం వస్తుంది:

0.125s³ + 2.775s² + 5.55s + (1 + K) = 0

మూలాలు కనుక్కోనక్కర్లేదు. గుణకాలన్నీ ధనాత్మకంగా ఉండి, మధ్య రెండు గుణకాల లబ్ధం మొదటి, చివరి గుణకాల లబ్ధం కంటే ఎక్కువైతే చాలు, వలయం స్థిరం. 2.775ను 5.55తో గుణిస్తే 15.4. దాన్ని 0.125తో భాగిస్తే 123.2. కనుక 1 + K విలువ 123.2 కంటే తక్కువ ఉండాలి, K విలువ 122.2 దాటకూడదు. ఊపుల లెక్క చెప్పిన మాటే మళ్లీ వచ్చింది.

ఈ నియమాన్ని ఏ అంకెలకైనా పనికొచ్చేలా రాస్తే చూడచక్కని రూపం వస్తుంది:

1 + K < (TA + TE + TG) × (1/TA + 1/TE + 1/TG)

ఇక్కడ TA, TE, TG అనేవి వరుసగా యాంప్లిఫయర్, ఎక్సైటర్, జనరేటర్ ఫీల్డ్‌ల కాలస్థిరాంకాలు. పాఠ్యపుస్తకాల్లో ఈ రూపం అరుదుగా కనిపిస్తుంది గానీ, ఇది చెప్పే సంగతి మాత్రం గట్టిది. జాప్యాలన్నిటినీ ఒకే నిష్పత్తిలో పెంచినా తగ్గించినా హద్దు మారదు. హద్దును నిర్ణయించేది జాప్యాల పొడవు కాదు, వాటి మధ్య ఎడం. మూడూ సమానమైతే కుడివైపు 9 వస్తుంది, గెయిన్ 8 దాటగానే వలయం అదుపు తప్పుతుంది. మూడు జాప్యాల వలయానికి అంతకంటే గడ్డు స్థితి లేదు.

దీన్నిబట్టి, వలయాన్ని వేగవంతం చేస్తే అన్నీ బాగుపడతాయన్న సహజమైన ఊహ నిలవదని తెలుస్తుంది. యాంప్లిఫయర్ జాప్యాన్ని 0.05 నుంచి 0.01 సెకనుకు తగ్గిస్తే హద్దు 122 నుంచి ఏకంగా 562కు వెళ్తుంది. ఎక్సైటర్ జాప్యాన్ని సగానికి పైగా కోసి 0.2 సెకనుకు తెచ్చినా హద్దు 131 దగ్గరే ఆగిపోతుంది. ఇంకా విచిత్రం, ఎక్సైటర్‌ను మందగింపజేసి ఒక సెకను చేసినా హద్దు 127కు పెరుగుతుంది. 0.05, 0.5, 5 అనే వరుసలో 0.5 సరిగ్గా నడుమ కూర్చుంది. అటు జరిగినా ఇటు జరిగినా ఏదో ఒక పొరుగు జాప్యానికి దగ్గరవుతూ మరొకదానికి దూరమవుతుంది. ఆ రెండు మార్పుల్లో లాభమే కాస్త ఎక్కువ. స్థిరత్వం దృష్ట్యా నడిమి జాప్యం అన్నిటికంటే చెడ్డ చోట ఉందన్నమాట.

ఇప్పుడు అసలు ఇబ్బంది ముందుకొస్తుంది. కచ్చితత్వానికి 200 కావాలి. స్థిరత్వం 122 దగ్గర ఆపేస్తోంది. 200 పెట్టి చూస్తే ఏమవుతుందో సమీకరణం నుంచే తెలుస్తుంది. ఊపు 0.76 సెకనుకు ఒకసారి చొప్పున సాగుతూ, ప్రతి చక్రానికీ దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. పది వోల్టుల చిన్న కదలిక ఆరు చక్రాల్లో, అంటే అయిదు సెకన్ల లోపే, వంద వోల్టులు దాటుతుంది. అయితే నిజమైన యంత్రంలో ఇది అనంతంగా పెరగదు. యాంప్లిఫయర్ ఇవ్వగల వోల్టేజీకి ఒక గరిష్ఠం, ఒక కనిష్ఠం ఉంటాయి. ఊపు వాటిని తాకాక అక్కడే కొట్టుకుంటూ ఉండిపోతుంది. కంట్రోల్ రూములో ఫీల్డ్ వోల్టేజీ ముల్లు ఒక కొస నుంచి ఇంకో కొసకు లయబద్ధంగా తిరుగుతుంటే, దానితో పాటే జనరేటర్ వోల్టేజీ కూడా ఊగుతుంటే, ఇంకా గ్రిడ్‌కు కలపని జనరేటర్‌లో ముందు అనుమానించాల్సింది గెయిన్‌నే. ఏవీఆర్‌ను మాన్యువల్‌కు మార్చగానే ఊపు చల్లారిపోతే అనుమానం నిజమైనట్టే. మాన్యువల్‌లో వోల్టేజీని చూసి దిద్దే వలయం తెగిపోతుంది మరి.

హద్దుకు లోపల ఉన్నంత మాత్రాన సరిపోదు. గెయిన్‌ను 60కి, అంటే హద్దులో సగానికి, దించి చూడండి. కొత్త జనరేటర్‌ను ప్రారంభించే ముందు చేసే పరీక్ష ఒకటుంది. గ్రిడ్‌కు కలపకుండా, పూర్తి వేగంతో తిరుగుతుండగా, వోల్టేజీ ఆదేశాన్ని అయిదు శాతం ఒక్కసారిగా పెంచి ఏమవుతుందో రికార్డు చేస్తారు. ఇక్కడ అయిదు శాతమంటే 1050 వోల్టులు. గెయిన్ 60 ఉంటే వోల్టేజీ చేరాల్సిన స్థాయిని మించి ఏడు వందల వోల్టులకు పైగా ఎగబాకుతుంది. తర్వాత కిందికి జారి, మళ్లీ ఎక్కి, ఒక్కో చక్రానికి సుమారు సగం చొప్పున తగ్గుతూ స్థిరపడటానికి చాలా సెకన్లు తీసుకుంటుంది. గణితం దీన్ని స్థిరమే అంటుంది, కానీ ఇలాంటి రికార్డు చూసిన ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు. పైగా ఆ 60తో పూర్తి లోడు లోటు రెండున్నర శాతం. అంటే కచ్చితత్వమూ దక్కలేదు, నెమ్మదీ దక్కలేదు. గెయిన్ ఒక్కదాన్నే అటూ ఇటూ జరిపితే ఈ చిక్కు విడిపోదు.

విడదీసే ఉపాయం పాతదే. నిలకడగా ఉన్న తేడాకు ఎక్కువ గెయిన్, వేగంగా మారే ఊపుకు తక్కువ గెయిన్ ఇస్తే రెండు కోరికలూ తీరతాయి. లోడు లోటును సరిదిద్దేది నిలకడ గెయిన్, ఊపును పెంచేది వేగపు గెయిన్. రెండూ ఒకటే కానక్కర్లేదు. దీనికోసం ఎక్సైటర్ ఇచ్చే వోల్టేజీ ఎంత వేగంగా మారుతోందో కొలిచి, ఆ కొలతను యాంప్లిఫయర్ ముంగిట తీసివేస్తారు. దీన్ని రేట్ ఫీడ్‌బ్యాక్ అంటారు. అమెరికాలోని విద్యుత్ ఇంజినీర్ల సంఘం ఐట్రిపుల్ఈ 1968లో ఎక్సైటేషన్ వ్యవస్థలను కంప్యూటర్ లెక్కలకు అనువుగా వర్గీకరించినప్పుడు, టైప్ 1 నమూనాలో యాంప్లిఫయర్, ఎక్సైటర్‌లతో పాటు ఈ ఫీడ్‌బ్యాక్‌నూ చేర్చింది.

మన ఉదాహరణలో ఆ ఫీడ్‌బ్యాక్ ఈ రూపంలో ఉందనుకుందాం:

0.05s / (1 + s)

వేగంగా వచ్చే మార్పుకు ఇది ఎక్సైటర్ వోల్టేజీలో ఇరవయ్యో వంతును యాంప్లిఫయర్ ముంగిట తీసివేస్తుంది. ఫలితంగా ఆ మార్పు వరకు యాంప్లిఫయర్, ఎక్సైటర్‌ల ఉమ్మడి గెయిన్ 200 నుంచి సుమారు 18కి పడిపోతుంది. దానితో పాటు ఎక్సైటర్ జాప్యం కూడా దాదాపు అదే నిష్పత్తిలో కురచవుతుంది. సెకను, రెండు సెకన్లు గడిచి మార్పు సద్దుమణిగాక ఫీడ్‌బ్యాక్ తనంతట తానే కరిగిపోతుంది, 200 గెయిన్ పూర్తిగా తిరిగొస్తుంది. రౌత్ నియమంతో మళ్లీ పరీక్షిస్తే వలయం స్థిరమని తేలుతుంది, అదీ తగినంత మిగులుతో. ఇందాకటి అయిదు శాతం పరీక్షను ఇప్పుడు చేస్తే వోల్టేజీ సుమారు ఒక సెకనులో చేరాల్సిన స్థాయిని వంద వోల్టుల పైచిలుకు దాటి, ఊగకుండా మూడు నాలుగు సెకన్లలో దిగి నిలబడుతుంది. గెయిన్ మాత్రం 200 దగ్గరే ఉంది. పూర్తి లోడు లోటు ముప్పావు శాతం దగ్గరే ఉంది.

మరో మార్గం ఎక్సైటర్ యంత్రాన్నే తీసేయడం. స్టాటిక్ ఎక్సైటేషన్‌లో థైరిస్టర్లు ఏసీని డీసీగా మార్చి, బ్రష్‌ల ద్వారా నేరుగా ప్రధాన ఫీల్డ్‌కు ఇస్తాయి. నడిమి జాప్యం దాదాపు మాయమవుతుంది. మిగిలిన రెండిటికి కాగితం మీద హద్దే లేదు. వాస్తవంలో ముందు పక్కన పెట్టిన కొలత ఫిల్టర్ జాప్యం అప్పుడు మూడోదిగా లెక్కలోకి వస్తుంది. అయితే అదీ యాంప్లిఫయర్ జాప్యమూ రెండూ సెకనులో వందో వంతుల్లోనే ఉంటాయి, ఫీల్డ్‌ది అయిదు సెకన్లు. ఎడం అంత ఎక్కువైతే హద్దు వందల్లోకి వెళ్లిపోతుంది.

మూడు జాప్యాల నమూనా ఎంతవరకు నమ్మదగిందో కూడా తెలిసి ఉండాలి. ఇది గ్రిడ్‌కు కలపకుండా తిరిగే జనరేటర్‌ను బాగా వర్ణిస్తుంది. గ్రిడ్‌కు కలిశాక ఫీల్డ్ ప్రభావవంతమైన కాలస్థిరాంకం తగ్గుతుంది, వలయం గెయిన్ కూడా మారుతుంది. అంతకంటే ముఖ్యంగా, రోటార్ గ్రిడ్‌కు అటూ ఇటూ ఊగడమనే కొత్త కదలిక చేరుతుంది. ఈ నమూనాలో దానికి చోటే లేదు. ఎక్కువ గెయిన్ గల రెగ్యులేటర్ వోల్టేజీని చక్కగా నిలబెడుతూనే, పొడవైన లైన్ల చివర పెద్ద లోడుతో నడిచే యంత్రంలో ఆ రోటార్ ఊపును అణచే శక్తిని తగ్గించగలదు. ఫ్రాన్సిస్కో డిమెల్లో, చార్లెస్ కాంకోర్డియా 1969లో రాసిన పరిశోధన పత్రం దీన్ని విడమరచి చూపింది. అక్కడ గెయిన్ తగ్గించుకోవడం సరైన మందు కాదు. రోటార్ వేగం నుంచో, పవర్ నుంచో వచ్చే సంకేతాన్ని ఏవీఆర్‌కు అదనంగా కలిపే పవర్ సిస్టమ్ స్టెబిలైజర్‌ను అమరుస్తారు. ఈ రెండు ఊపులనూ కలగాపులగం చేయకూడదు. గ్రిడ్‌కు కలపకముందే కనబడేది జాప్యాల ఊపు, దానికి చికిత్స రేట్ ఫీడ్‌బ్యాక్. కలిపాక మెగావాట్ల మీటరులో కనబడేది రోటార్ ఊపు, దానికి స్టెబిలైజర్ కావాలి. అందుకే ఏవీఆర్ అమరికలో గ్రిడ్‌కు కలపక ముందు చేసే అయిదు శాతం పరీక్ష మొదట వస్తుంది, స్టెబిలైజర్ సర్దుబాటు యంత్రం లోడు ఎత్తుకున్నాకే జరుగుతుంది.